మృత్యుంజయ మంత్రం ఇంట్లో 108 సార్లు చదవడం ఎట్ల? అక్షరాలు, అర్థం, లెక్క అన్నీ

ఎవరింట్లోనన్నా ఆపరేషన్ అని డేట్ ఇచ్చినారంటే చాలు, ఆ రోజు సాయంత్రానికల్లా నాకు ఇదే మెసేజ్ వస్తుంది. "సార్, మృత్యుంజయం చదవమన్నారు, ఎట్ల చదవాల, ఎన్నిసార్లు చదవాల, తప్పు పోతే ఏమన్నా అవుతుందా" అని. నేను సంస్కృతం చెప్పుకునే మనిషినేగాని పురోహితుణ్ణి కాదు, అయినా అడిగేవాళ్ళు అడుగుతానే ఉంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తా ఉన్నా. ఇది ఇంట్లో మీరే కూర్చుని, ఇంట్లో మనిషి కోసం, రోజుకి ఒక మాల చదువుకోవడం గురించి. హోమం, లక్ష జపం లాంటివి పురోహితులతో చేయించేవి, వాటి గురించి చివర్లో కొంచెం చెప్తా, ఎందుకంటే డబ్బులు పోగొట్టుకునేది అక్కడే.

ఏమేం కావాలి

పెద్దగా ఏం అక్కర్లేదు. కూర్చోడానికి చాపో పీటో, ఒక దీపం, చెంబుతో నీళ్ళు, కొంచెం విభూది, ఉంటే 108 పూసల రుద్రాక్ష మాల. మాల లేకపోతే వేళ్ళతో లెక్క పెట్టుకునే పద్ధతి కింద చెప్పినా, దానికోసం శ్రీకాళహస్తి దాకా పోయి కొనుక్కుని రావాల్సిన పని లేదు. ఇంక ఇరవై నిమిషాలు ఎవరూ పిలవకుండా ఉండే టైమ్ కావాలి, నిజం చెప్పాలంటే అన్నిట్లో దొరకనిది ఇదే.

1. ముందు మంత్రాన్ని సరిగ్గా రాసుకోండి

ఫోన్లో వెతికితే పది రకాలుగా వస్తుంది, అందుకని పేపర్ మీద చేత్తో ఇట్లా రాసుకోండి:

ఓం
త్ర్యంబకం యజామహే
సుగంధిం పుష్టివర్ధనమ్ ।
ఉర్వారుకమివ బంధనాన్
మృత్యోర్ముక్షీయ మాఽమృతాత్ ॥

ఇది ఋగ్వేదం ఏడో మండలంలో 59వ సూక్తంలో 12వ మంత్రం. ఆ మండలం వసిష్ఠ మహర్షిది. సూక్తం అంతా మరుత్తుల గురించి పోతా ఉంటుంది, చివరి మంత్రం ఒక్కటే త్ర్యంబకుడికి, అంటే ముక్కంటికి. ఇదే మంత్రం యజుర్వేదంలో కూడా ఉంది. మనవైపు శివాలయాల్లో వినిపించేది కృష్ణ యజుర్వేదం, తైత్తిరీయ శాఖ. కపిల తీర్థంలో అభిషేకం జరిగేటప్పుడు నిలబడి వినండి, నమకం అయిపోయే చోట ఇదే మంత్రం వస్తుంది, దాని వెనకాలే "యో రుద్రో అగ్నౌ" అని అందుకుంటారు. చాలామంది చిన్నప్పట్నుంచి వింటానే ఉంటారు, అది ఇదే అని తెలీదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. శుక్ల యజుర్వేదం మూడో అధ్యాయంలో ఈ మంత్రం వెంటనే దీనికి జంటగా ఇంకో రూపం ఉంది, "పుష్టివర్ధనమ్" బదులు "పతివేదనమ్" అని ఉంటుంది, చివర్లో "ఇతో ముక్షీయ మాముతః" అని ఉంటుంది. అది పెళ్ళికాని ఆడపిల్లలు మంచి భర్త రావాలని చదివేది, "ఇక్కడి నుంచి అంటే పుట్టింటి నుంచి విడిపోవాలి, అక్కడి నుంచి అంటే అత్తింటి నుంచి కాదు" అని దాని భావం. మూడు పాదాలు దాదాపు ఒకటే కాబట్టి ఫోన్లో కాపీ చేసేటప్పుడు అది ఇదే అనుకుని తెచ్చుకుంటారు. ఆరోగ్యం కోసం చదివేది పైన రాసింది.

ఇంక కొన్ని వీడియోల్లో ముందు "ఓం హౌం జూం సః" అని, "భూర్భువస్స్వః" అని తగిలించి, చివర్లో మళ్ళీ అదే తిప్పి చదువుతారు. అది బీజాక్షరాలతో సంపుటీకరించిన రూపం. గురువు దగ్గర ఉపదేశం తీసుకున్నవాళ్ళది. మీకు ఉపదేశం లేకపోతే దాని జోలికి పోవద్దు, పైన ఉన్న నాలుగు పాదాలు చాలు.

2. అక్షరాలు లెక్క పెట్టి చూసుకోండి

తప్పు పోతా ఉందో లేదో తెలుసుకోడానికి ఇంతకంటే సులభమైన పద్ధతి నాకు తెలీదు. మంత్రం చదువుతా ఒక్కో అక్షరానికి ఒక్కో వేలు మడవండి. ఒత్తులు, పొల్లులు విడిగా లెక్కలోకి రావు, పక్క అక్షరంతో కలిసిపోతాయి.

త్ర్యం-బ-కం-య-జా-మ-హే: 7
సు-గం-ధిం-పు-ష్టి-వ-ర్ధ-నమ్: 8
ఉ-ర్వా-రు-క-మి-వ-బం-ధ-నాన్: 9
మృ-త్యోర్-ము-క్షీ-య-మా-మృ-తాత్: 8

మొత్తం 32, అనుష్టుప్ ఛందస్సు లెక్క అదే, ముందు ఓంకారం కలిపితే 33. మొదటి పాదంలో మీకు ఎనిమిది వచ్చిందంటే "త్రయంబకం" అని చదువుతా ఉన్నారని అర్థం. మనవాళ్ళు జాస్తిగా చేసే తప్పు ఇదే, పలకడం సులువని మధ్యలో ఒక అచ్చు దూర్చేస్తారు. "త్ర్యం" ఒకే దెబ్బలో రావాలి. రాకపోతే ముందు "త్రి" అని, తర్వాత "యం" అని విడిగా రెండు మూడుసార్లు అని, మెల్లగా దగ్గరికి తెచ్చి కలిపేయండి, ఒక పూటలో నోటికి పట్టుకుంటుంది. మూడో పాదంలో ఎనిమిదే వచ్చిందంటే "ఉర్వారుక్‌మివ" అని మధ్యలో "క"ని మింగేస్తా ఉన్నారన్నమాట.

లెక్కకి దొరకని తప్పులు ఇంకొన్ని ఉన్నాయి. "సుగంధిం" బదులు "సుగంధం", "పుష్టి" బదులు "పుష్టీ", "ముక్షీయ" బదులు "మోక్షీయ". వీటికి ఫోన్లో మీ గొంతు రికార్డ్ చేసి, రాసుకున్న పేపర్ ముందు పెట్టుకుని వినండి. చదివేటప్పుడు తెలీదు, వింటే మాత్రం దొరికిపోతుంది.

స్వరం గురించి కూడా అడుగుతారు. పుస్తకంలో అక్షరం కింద అడ్డగీత ఉంటే గొంతు దించాలి, పైన నిలువు గీత ఉంటే ఎత్తాలి, ఏం లేకపోతే సమంగా పోవాలి. ఇది మాత్రం పుస్తకం చూసి నేర్చుకునేది కాదు, ఎదురుగా కూర్చుని నేర్చుకోవాల. మనకి తిరుపతిలోనే వేద విశ్వవిద్యాలయం ఉంది, కొండమీద ధర్మగిరిలో వేద పాఠశాల ఉంది, అట్లాంటిచోట చదువుకున్న స్వాములు ఊళ్ళో దొరుకుతారు, అడిగితే ఈ ఒక్క మంత్రం చెప్పకుండా పంపరు. అప్పటిదాకా ఎగుడుదిగుళ్ళు లేకుండా ఒకే శ్రుతిలో చదవండి, వీడియోలో విన్న సినిమా రాగం మాత్రం పెట్టొద్దు.

3. అర్థం, ముఖ్యంగా ఊపిరి ఎక్కడ తీసుకోవాలో

త్ర్యంబకం అంటే మూడు కన్నులవాణ్ణి. సూర్యుడు, చంద్రుడు, అగ్ని ఆ మూడు కన్నులు అని చెప్తారు. యజామహే, పూజిస్తున్నాము. ఒక్కడే కూర్చుని చదివినా "మేము" అనే ఉంటుంది. సుగంధిం, మంచి వాసన కలవాణ్ణి. పుష్టివర్ధనం, పోషణని, బలాన్ని పెంచేవాణ్ణి. ఇంతవరకు స్తోత్రం, అడగడం రెండో సగంలో.

ఉర్వారుకం ఇవ, దోసపండు లాగా. బంధనాత్, కట్టు నుంచి, అంటే తొడిమ నుంచి. మృత్యోః, చావు నుంచి. ముక్షీయ, నేను విడివడాలి. మా, వద్దు. అమృతాత్, అమృతత్వం నుంచి. మొత్తం కలిపితే, "దోసపండు తొడిమ నుంచి విడిపోయినట్టు నేను మృత్యువు నుంచి విడివడాలి, అమృతత్వం నుంచి మాత్రం కాదు."

దోసపండు ఎందుకంటే, పిందెని లాగితే తీగ కూడా చినిగి వస్తుంది, తొడిమ దగ్గర జిగురు కారుతుంది. మాగిన పండు అట్లా కాదు. ఖర్బూజా వేసే రైతుని అడగండి, కాయ పక్వానికి వస్తే తొడిమ చుట్టూ సన్నగా గీత విచ్చుకుంటుంది, చేత్తో అట్లా ఎత్తితే చాలు, తీగకి ఏమీ కాకుండా ఊడి వస్తుంది, కాయ మీద గుండ్రంగా శుభ్రమైన మచ్చ ఒకటి మిగులుతుంది. మంత్రం అడిగేది ఆ విధంగా విడిపోవడాన్ని. అందుకే దీన్ని ఆయుష్షు పెంచే మంత్రం అని మాత్రమే అనుకోవద్దు. చివరి దశలో ఉన్నవాళ్ళకి చదవొచ్చా అని కొందరు భయపడతా అడుగుతారు, "చదివితే ప్రాణం పోకుండా ఇంకా బాధ పడతారేమో" అని. మంత్రంలో అట్లాంటి మాట ఎక్కడా లేదు, నిస్సందేహంగా చదవొచ్చు.

ఇప్పుడు అసలు విషయం, నాలుగో పాదంలో ఊపిరి. "మృత్యోర్ముక్షీయ మా" అని అక్కడ ఆగి, ఊపిరి పీల్చుకుని, "అమృతాత్" అంటే కొంప మునిగినట్టే, "మృత్యువు నుంచి నేను విడివడొద్దు" అనే అర్థం అయిపోతుంది. "మా" అనేది వెనకున్న అమృతానికి చెందింది. ఆగితే "ముక్షీయ" దగ్గర ఆగండి, "మాఽమృతాత్" ఒకే ముక్కగా అనండి. దీర్ఘం పక్కన ఉండే ఆ ఽ గుర్తు అక్కడ ఒక "అ" కలిసిపోయింది అని చెప్పడానికే, దాన్ని విడిగా పలకరు. ఊపిరి చాలనివాళ్ళు "పుష్టివర్ధనమ్" దగ్గర నిండుగా ఒకసారి పీల్చుకుంటే చివరిదాకా సరిపోతుంది. ముసలివాళ్ళకి అదీ చాలకపోతే "బంధనాన్" దగ్గర ఇంకోసారి.

4. కూర్చోవడం, సంకల్పం

పొద్దున స్నానం చేసి తూర్పుకో ఉత్తరానికో తిరిగి కూర్చోండి. పొద్దున కుదరకపోతే సాయంత్రం దీపాలు పెట్టే వేళ. త్రయోదశి నాడు అయితే ప్రదోషం, సురుటుపల్లిలో జనం కిక్కిరిసేది ఆ పూటే, మీరు ఇంట్లో కూర్చున్నా ఆ వేళ మంచిదే. సోమవారం మొదలుపెట్టడం ఆనవాయితీ, కానీ ఆపరేషన్ శుక్రవారం పెట్టుకుని సోమవారం దాకా ఆగాలా అని అడిగితే అక్కర్లేదు, ఈరోజే మొదలుపెట్టండి.

విభూది పెట్టుకోండి, పెట్టుకునేటప్పుడు కూడా ఇదే మంత్రం ఒకసారి అనుకునే అలవాటు ఉంది. తర్వాత సంకల్పం. సంస్కృతంలో రాకపోతే తెలుగులో చెప్పుకోండి. ఉదాహరణకి చిత్తూరులో ఉండే ఒక అబ్బాయి, వాళ్ళమ్మకి గుండె ఆపరేషన్ అనుకోండి, ఇట్లా చెప్తాడు: "భారద్వాజ గోత్రం, రోహిణి నక్షత్రంలో పుట్టిన మా అమ్మ సుబ్బమ్మకి అపమృత్యు దోషం తొలగి, ఆపరేషన్ సుఖంగా జరిగి, ఆయురారోగ్యాలు కలగాలని మృత్యుంజయ మంత్రం రోజుకి 108 సార్లు, ఇంటికి వచ్చేదాకా చదువుతాను." చేతిలో కొంచెం నీళ్ళు పోసుకుని పళ్ళెంలోకి వదిలేస్తాడు. గోత్రం తెలీకపోతే శివగోత్రం అంటారు, నక్షత్రం తెలీకపోతే పేరు ఒక్కటే చాలు.

సంకల్పంలో చేయగలిగిందే చెప్పండి. మొదటిరోజు ఊపులో "రోజుకి వెయ్యి" అని చెప్పేసి, మూడోరోజు ఆస్పత్రికి, ఇంటికి తిరగలేక మధ్యలో వదిలేసి, ఇప్పుడు దోషం పట్టుకుంటుందా అని ఏడుస్తా ఫోన్ చేసినవాళ్ళు ఉన్నారు. వెయ్యి అంటే దాదాపు మూడు గంటలు, కింద లెక్క చూడండి.

ఆ తర్వాత ఒకసారి "అస్య శ్రీ త్ర్యంబక మంత్రస్య, వసిష్ఠ ఋషిః, అనుష్టుప్ ఛందః, త్ర్యంబక రుద్రో దేవతా, జపే వినియోగః" అనుకోండి. ఇది రాకపోతే వదిలేసినా పర్లేదు.

5. లెక్క

మాల అయితే నడిమి వేలు మీద పెట్టుకుని బొటనవేలితో పూస లాగండి, చూపుడువేలు తగలనీయొద్దు. మేరుపూస వచ్చినప్పుడు దాన్ని దాటి పోకుండా మాల తిప్పి వెనక్కి రావాల.

మాల లేకపోతే కుడిచేతి కణుపులు. ఉంగరం వేలు మధ్య కణుపు ఒకటి, దాని కింది కణుపు రెండు, చిటికెన వేలు కింది నుంచి పైకి మూడు, నాలుగు, ఐదు, ఉంగరం వేలు పై కణుపు ఆరు, నడిమి వేలు పై కణుపు ఏడు, చూపుడువేలు పై నుంచి కిందికి ఎనిమిది, తొమ్మిది, పది. నడిమి వేలు మధ్య, కింది కణుపులు మేరువు, వాటిని తాకరు. ఇట్లా ఒక చుట్టు పది. ఎడమచేతిలో చుట్లు గుర్తు పెట్టుకుంటే పది చుట్లకి వంద, ఆపైన ఎనిమిది. మొదట్లో వేళ్ళు చూసుకుంటా మంత్రం తప్పుతారు, అందుకని ముందు మంత్రం లేకుండా ఉత్త అంకెలతో రెండు చుట్లు తిప్పండి.

పైకి చదవొచ్చు, పెదాలు కదిలేట్టు చదవొచ్చు, మనసులో చదవొచ్చు. మనసులో చదివేదే గొప్ప అంటారుగాని కొత్తవాళ్ళు పైకే చదవండి, మనసులో అయితే తప్పు ఎక్కడ పోయిందో మీకే తెలీదు.

6. గడియారం చూసుకోండి

నిదానంగా, అక్షరాలు తెలిసేట్టు చదివితే ఒకసారికి దాదాపు పది సెకన్లు. అంటే 108 సార్లకి 18 నిమిషాలు. బాగా అలవాటు పడితే పదీ పన్నెండు నిమిషాలకి దిగొచ్చు. మీది ఆరు నిమిషాల్లో అయిపోయిందంటే ఒక్కోసారికి మూడు సెకన్లు పైచిలుకు, అంటే "యజామహే" సగం, "ముక్షీయ" మొత్తం గాల్లో పోయినట్టే. అట్లాంటి 108 కంటే సరిగ్గా 27 చదవండి, మాలలో పావువంతు.

మధ్యలో ఫోన్ మోగిందనో, పిల్లోడు పిలిచినాడనో లేస్తే కొంపేం మునగదు. తిరిగి వచ్చి ఓం అని ఆపినచోటు నుంచి ఎత్తుకోండి. ఒక అక్షరం తప్పు పోయిందనిపిస్తే ఆ ఒక్కసారి మళ్ళీ చదవండి, లెక్కలో కలపొద్దు.

7. ఆస్పత్రిలో చదవాల్సి వస్తే

బయట కుర్చీలో కూర్చుని మనసులో చదువుకోండి. దీపం, అగరుబత్తి లోపలికి తీసుకుపోవద్దు, ఆక్సిజన్ పెట్టినచోట నిప్పు ప్రమాదం. విభూది కూడా ట్యూబులు, కట్లు ఉన్న మనిషికి నర్సుని అడక్కుండా పెట్టొద్దు, ఆ పొడి గాయం మీద పడితే కష్టం. జపం పెట్టుకున్నాం కదా అని మాత్రలు ఆపేవాళ్ళని కూడా చూసినా. డాక్టర్ చెప్పింది చెప్పినట్టు జరగాల, జపం దాని పక్కన.

ఇంకొకటి, మృత్యుంజయ హోమంలో తిప్పతీగ ముక్కలు వేస్తారు, దానికి సంస్కృతంలో అమృత అనే పేరుంది. అది చూసి తిప్పతీగ కషాయం కాచి పేషెంట్‌కి తాగిస్తారు కొందరు. హోమంలో వేసేది అగ్నికి, మనిషికి కాదు. కాలేయం దెబ్బతిన్న కేసులు ఉన్నాయి, డాక్టర్‌ని అడక్కుండా ఇవ్వొద్దు.

8. ముగించడం

అమ్మ ఇంటికి వచ్చినాక ఆ రోజు జపం చేసి, "చేసిన జపం త్ర్యంబకుడికి అర్పణం" అని నీళ్ళు వదిలి ఆపేయండి. కుదిరితే దగ్గర్లో శివాలయంలో అభిషేకానికి పాలు ఇవ్వండి. మధ్యలో ఇంట్లో పురుడో మైలో వస్తే పైకి జపం ఆపి మనసులో తలుచుకోండి, శుద్ధి అయినాక మళ్ళీ ఎత్తుకోండి.

లక్ష జపం చేయిస్తామంటే

"లక్షా పాతికవేలు జపం, హోమంతో సహా, ఒక్కరోజులో ఇద్దరు స్వాములు" అని ప్యాకేజీ చెప్పినారని ఒకాయన ఈమధ్య అడిగినాడు. లెక్క వేసుకోండి. 1,25,000ని ఇద్దరికి పంచితే ఒక్కొక్కరికి 62,500. బాగా చేయి తిరిగినవాళ్ళు ఆరు సెకన్లకి ఒకటి చదివినా 104 గంటలు పడుతుంది. రోజుకి ఉండేది 24. అదే ఐదుగురు 11 రోజులు కూర్చుంటే మనిషికి రోజుకి దాదాపు 2,273, ఆరు సెకన్ల లెక్కన మూడు గంటల ముప్పావు. ఇది జరిగే పని. జపంలో పదో వంతు హోమం, అంటే 12,500 ఆహుతులు, అందులో పదో వంతు 1,250 తర్పణం, ఆపైన మార్జనం, అన్నదానం. చేయించేవాళ్ళని ఎంతమంది, ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని అని ఈ మూడూ అడగండి, మనం అడిగితే తప్పేం లేదు, నిజంగా చేసేవాళ్ళు విసుక్కోకుండా చెప్తారు.

వేదమంత్రం మా ఇంట్లో చదవరు అంటే

ఉపనయనం లేనివాళ్ళు, ఆడవాళ్ళు చదవొచ్చా అనేదాంట్లో ఇంటింటికీ ఒక మాట ఉంటుంది, ఇప్పుడు చాలామంది చదువుతానే ఉన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళు వద్దంటే గొడవ పడొద్దు, అదే పనికి శ్లోకం ఉంది, స్వరం పట్టింపు లేదు, ఎవరైనా చదవొచ్చు:

మృత్యుంజయాయ రుద్రాయ నీలకంఠాయ శంభవే ।
అమృతేశాయ శర్వాయ మహాదేవాయ తే నమః ॥

సంకల్పం, లెక్క అన్నీ పైన చెప్పినట్టే. ఇది కూడా 32 అక్షరాలే, ఒక్కో పాదానికి ఎనిమిది చొప్పున, వేళ్ళు మడిచి చూసుకోండి.